ప్రభ వచ్చే దారిలో మైకు ఏం చెప్పాలి

మీలో చాలామంది కోటప్పకొండ ప్రభని రీల్స్‌లోనే చూసి ఉంటారు. రాత్రిపూట ఆకాశంలోకి లేచిన లైట్ల గోడ, కింద జనం, వెనక డీజే. మాది బొల్లాపల్లి. మా వైపు నుంచి తిరునాళ్ళకి వెళ్ళాలంటే వినుకొండ, నరసరావుపేట మీదుగా పోవాలి, కాబట్టి చిన్నప్పట్నించీ నేనూ కొండ దగ్గర నిలబెట్టిన ప్రభల్నే చూశాను. ఆ ప్రభ అక్కడిదాకా ఎలా వస్తుంది, దారిలో ఉన్న ఊళ్ళవాళ్ళకి ఆ రోజు ఎలా గడుస్తుంది అనేది 2025 శివరాత్రికి మా మావయ్య వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడే తెలిసింది. ఆ ఊరు చిలకలూరిపేట వైపు ఉంటుంది. అందులో ఒక ఇంటి సంగతి కూడా రాస్తున్నాను కాబట్టి ఊరి పేరు రాయట్లేదు.

మావయ్యకి మైకు సెట్ ఉంది. పెళ్ళిళ్ళు, పేరంటాలు, ఎలక్షన్లు, చావులు, అన్నిటికీ ఆయనే. ఆటో పైన రెండు హారన్లు, లోపల ఆంప్లిఫయర్, ఒక బ్యాటరీ. శివరాత్రి ముందు రెండు రోజులు ఆ ఆటో చేసే పని ఒకటే. ప్రభ ఏ దారిన వస్తుంది, ఎప్పుడు వస్తుంది, అప్పుడు మీ బండ్లు ఎటు పోవాలి, మీ ఇంట్లో కరెంటు ఎప్పుడు పోతుంది అనేవి ఊరంతా చెప్పడం. ఆ చెప్పే కాగితాన్ని తిరగరాయడంలో నేను సాయం చేశాను. ఈ వ్యాసం ఆ కాగితం గురించి.

ముందు ప్రభ ఎత్తు సంగతి చెప్పాలి, ఎందుకంటే తక్కిన కష్టాలన్నీ అక్కణ్ణించే మొదలవుతాయి. కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళ నుంచి వచ్చే పెద్ద విద్యుత్ ప్రభలు ఎనభై, తొంభై అడుగులు ఉంటాయి. మన దేశంలో వీధికి అడ్డంగా పోయే కరెంటు తీగ నేల నుంచి కనీసం ఎంత ఎత్తులో ఉండాలో రూల్ ఉంది. ఇళ్ళకి వచ్చే మామూలు లైనుకి 5.8 మీటర్లు, పదకొండు వేల వోల్టుల లైనుకి 6.1 మీటర్లు. అంటే సుమారు ఇరవై అడుగులు. తొంభై అడుగుల ప్రభ ఇరవై అడుగుల తీగ కింద నుంచి పోదు. కరెంటు ఆపినా పోదు. రోడ్డుకి అడ్డంగా ఉన్న తీగని కిందకి దించాలి, ప్రభ దాటాక మళ్ళీ పైకి కట్టాలి. కాబట్టి ఇది ఫీజు పోయినట్టు పది నిమిషాల పవర్ కట్ కాదు. లైన్‌మన్ ముందు ఎల్‌సీ తీసుకోవాలి. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, అంటే ఈ లైన్లో కరెంటు లేదు, నేను చెప్పేదాకా వదలొద్దు అని సబ్‌స్టేషన్‌తో ఖాయం చేసుకోవడం. ఆ తర్వాత తీగ దించుతారు, ప్రభ వెళ్తుంది, తీగ కడతారు, ఎల్‌సీ వాపసు ఇస్తారు, అప్పుడు కరెంటు వస్తుంది.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. ఉత్సవాల పని చూసే పెద్దలు రాసి ఇచ్చిన దాంట్లో అసలు భాగం దాదాపు ఇలా ఉంది:

"గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. మహాశివరాత్రి పర్వదినమును పురస్కరించుకొని మన గ్రామ ప్రధాన వీధి గుండా ప్రభ ఊరేగింపు జరుగును. కావున రేపు మధ్యాహ్నము నుండి సదరు మార్గమునందు వాహనముల రాకపోకలు అనుమతించబడవు. మధ్యాహ్నం మూడింటికి కరెంటు తీస్తారు, రాత్రి ఏడింటికి ఇస్తారు. ప్రజలు సహకరించగలరని మనవి."

దీనికి ముందు పెద్దల పేర్లు, వెనక దాతల పేర్లు ఉన్నాయి. మొత్తం నూట నలభై మాటలు. కాగితం మీద చదివితే తప్పు పట్టేదేం లేదు. మావయ్య ఒకసారి పైకి చదివి, "అల్లుడూ, ఇది నోటీసు బోర్డుకి బాగుంటది. ఆటోకి పనికిరాదు" అన్నాడు. ఎందుకని అడిగితే, "నువ్వు ఆ కిరాణా కొట్టు దగ్గర నిలబడు, నేను ఆటోలో పోతా. ఏం వినపడిందో చెప్పు" అన్నాడు.

నిలబడ్డాను. ఫోన్లో టైమర్ కూడా పెట్టాను. ఆటో మామూలుగా పోయే స్పీడు గంటకి పదిహేను కిలోమీటర్లు. ముందు నుంచి వస్తున్నప్పుడు యాభై మీటర్ల దూరం నుంచే మాట అర్థమైంది. దాటిపోయాక హారన్ మూతి అటు తిరిగి ఉంటుంది కదా, ముప్ఫై మీటర్లకే మాట పోయి శబ్దం మిగిలింది. మొత్తం ఎనభై మీటర్లు. పదిహేను కిలోమీటర్ల స్పీడు అంటే సెకనుకి నాలుగు మీటర్ల పైన. అంటే నాకు మాటలు అర్థమైన టైము పందొమ్మిది సెకన్లు. మైకులో స్పష్టంగా చదివితే సెకనుకి ఒకటిన్నర మాట పడుతుంది. పందొమ్మిది సెకన్లలో ఇరవై ఎనిమిది మాటలు. నూట నలభైలో ఇరవై ఎనిమిది! నా వంతుకి వచ్చినవి దాతల పేర్లు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మన డేటా స్ట్రక్చర్స్ క్లాసులో సర్క్యులర్ క్యూ చెప్తారే, అదే ఇది. రికార్డింగ్ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆటో నా ముందుకి వచ్చేసరికి అది మొదట్లో ఉండాలని లేదు, మధ్యలో ఉండొచ్చు, చివర్లో ఉండొచ్చు. సగం నుంచి విన్నవాడికి ఆ సగం అర్థం కాదు. వాడు మళ్ళీ మొదలయ్యేదాకా ఆగి, అప్పుడు మొదటి నుంచి చివరిదాకా వినాలి. కాబట్టి దారిలో ఏ ఇంటివాడైనా కనీసం ఒక్కసారి పూర్తిగా వినాలంటే, ఒక రౌండు పట్టే టైము వినపడే టైములో సగానికి మించకూడదు.

```
T <= D / (2 * v)
```

D వినపడే దూరం, v ఆటో స్పీడు, T ఒక రౌండు టైము. మన లెక్కలో T తొమ్మిదిన్నర సెకన్లు. అంటే పద్నాలుగు మాటలు. నడిచే ఆటోలో చెప్పగలిగేది అంతే. అదే ఆటోని మనిషి నడక స్పీడుకి, గంటకి ఐదు కిలోమీటర్లకి తగ్గిస్తే వినపడే టైము యాభై ఏడు సెకన్లు అవుతుంది, నలభై మూడు మాటలు పడతాయి. ఆపేస్తే ఎంతైనా చెప్పొచ్చు.

నేను ఈ సూత్రం ఫోన్లో రాసి చూపిస్తే మావయ్య నవ్వాడు. "మా నాన్న డప్పు చాటింపు చూశాం మేం. డప్పాయన నడుస్తా ఎప్పుడూ చెప్పలా. బజారు మొదట్లో నిలబడి డప్పు కొట్టేవాడు, జనం గడప దగ్గరికి వచ్చేదాకా కొట్టేవాడు, అప్పుడు డప్పు ఆపి మాట చెప్పేవాడు. తర్వాత ఇంకో బజారు" అన్నాడు. ఆలోచిస్తే అంతా అందులోనే ఉంది. డప్పు శబ్దం "ఇప్పుడు ఏదో రాబోతోంది" అని చెప్పే సిగ్నల్. అందులో విషయం ఏమీ లేదు కాబట్టి సగం నుంచి విన్నా నష్టం లేదు. విషయం మాత్రం నిలబడి చెప్పేవాడు. అందుకని మేం కాగితాన్ని రెండు చేశాం. ఆటో కదులుతున్నప్పుడు పద్నాలుగు మాటల ముక్క. ఊళ్ళో ఆరు చోట్ల ఆపి చెప్పడానికి పెద్దది. ఆపే ముందు పాట పెట్టి టక్కున ఆపేయడం మావయ్య పద్ధతి. పాట ఆగితే జనం తలెత్తి చూస్తారు. డప్పు చేసే పని ఇప్పుడు ఆ నిశ్శబ్దం చేస్తోంది.

తర్వాతది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించిన విషయం. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లీషులో "నో ఎంట్రీ" అంటే కాదు అనేది ముందే వస్తుంది. తెలుగులో వాక్యం మొత్తం చెప్పాక, చిట్టచివర, అవునో కాదో తేలుతుంది. "రామాలయం బజారు గుండా వాహనములు అనుమతించబడ" వరకూ విన్నవాడికి ఏం తెలిసింది? చివర "వు" ఉందా, "తాయి" ఉందా? ఆటో దూరంగా పోతున్నప్పుడు ముందు పోయేది వాక్యం చివరే. మన భాషలో అతి ముఖ్యమైన మాట అక్కడే ఉంటుంది. వెళ్ళవచ్చు, వెళ్ళరాదు. ఉంటుంది, ఉండదు. ఒక్క తోక ఎగిరిపోతే అర్థం తిరగబడుతుంది.

దానికి మావయ్య దగ్గర మందు ఉంది. "బంద్" అనే మాట. "రామాలయం బజారు బంద్" అంటే తోక లేదు, విరిగేది లేదు. వాక్యం వాడాల్సి వస్తే వద్దు అనేదాన్ని ముందుకి తెచ్చి, చివర మళ్ళీ అంటాడు. "ముట్టుకోవద్దు, కింద పడ్డ తీగ ముట్టుకోవద్దు." రాతలో ఇది రెండుసార్లు చెప్పినట్టు ఉంటుంది. మైకులో అది ఒకసారి చెప్పినట్టు.

ఇప్పుడు పెద్దలు రాసిన ఆ కరెంటు వాక్యాన్ని మళ్ళీ చూడండి. "మధ్యాహ్నం మూడింటికి కరెంటు తీస్తారు, రాత్రి ఏడింటికి ఇస్తారు." హారన్ స్పీకర్ మనిషి గొంతులోని మధ్య భాగాన్ని బాగా అరుస్తుంది, సన్నటి హల్లుల్ని మింగేస్తుంది. అచ్చులు మిగులుతాయి, హల్లులు పోతాయి. "తీస్తారు"లో త పోతే "ఈస్తారు". అది "ఇస్తారు"కి అన్న అవుతుంది. "మూడింటికి", "ఏడింటికి" రెండూ వెనక భాగం ఒకటే, తేడా అంతా మొదటి అక్షరంలోనే ఉంది. ఇంత చిన్న వాక్యంలో రెండు జతలు కవల పిల్లల్లా ఉన్నాయి. కొట్టు దగ్గర నాతోపాటు విన్న ఇద్దరిలో ఒకాయన "ఏడింటి నుంచి కరెంటు తీస్తారంట" అన్నాడు. ఆయన చెవిలో లోపం లేదు.

అంకెని ఒంటరిగా వదలకూడదు, పక్కన ఏదో ఒక తోడు ఉండాలి. "మధ్యాహ్నం భోజనాల తర్వాత, మూడు గంటలకి." "చీకటి పడ్డాక, రాత్రి ఏడు గంటలు." మూడు వినపడకపోయినా భోజనాలు వినపడుతుంది, ఏడు పోయినా చీకటి మిగులుతుంది. నెట్‌వర్క్స్‌లో దీన్ని రిడండెన్సీ అంటారు, ఊళ్ళో ఇది మామూలుగా మాట్లాడే తీరు. తీస్తారు, ఇస్తారు రెండూ కొట్టేశాం. "కరెంటు బంద్", "కరెంటు వస్తుంది". వీటిని ఎంత పాడు హారన్ కూడా కలపలేదు.

"రేపు" అనే మాట కూడా తీసేశాం. రికార్డింగ్ సోమవారం నుంచి తిరుగుతుంది. సోమవారం విన్నవాడికి రేపు అంటే మంగళవారం. బుధవారం పొద్దున పొరపాటున అదే పెన్‌డ్రైవ్ పెడితే రేపు అంటే గురువారం. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26, బుధవారం. అందుకని "బుధవారం, శివరాత్రి రోజు" అని రెండూ కలిపి పెట్టాం. ఎప్పుడు విన్నా దాని అర్థం మారదు.

దారి చెప్పడంలో ఎడమ, కుడి ఉండకూడదని కూడా అప్పుడే తెలిసింది. గూగుల్ మ్యాప్స్ మనం ఎటు తిరిగి ఉన్నామో తెలుసుకుని ఎడమ అంటుంది. మైకుకి అది తెలీదు. వినేవాడు వంటింట్లో ఉండొచ్చు, మేడ మీద ఉండొచ్చు. వాడి ఎడమ ఎటు? అలాగే "ప్రధాన వీధి" అనే వీధి ఊళ్ళో ఎవరికీ లేదు. రామాలయం బజారు ఉంది, చెరువు కట్ట ఉంది, పాల కేంద్రం ఉంది, బొడ్రాయి ఉంది. మళ్ళింపు దారి చెప్పాలంటే బండివాడు ఎక్కడ నుంచి వస్తున్నాడో ముందు చెప్పి, ఏ గుర్తు దగ్గర తిరగాలో చెప్పి, ఎక్కడ తేలతాడో చెప్పాలి. "పేట నుంచి వచ్చే బండ్లు పాల కేంద్రం దగ్గర తిరిగి, చెరువు కట్ట మీదుగా హైస్కూల్ దగ్గరికి రావాలి." ఇందులో ఆ ఊరివాడికి తెలియని మాట ఒక్కటీ లేదు. మా బొల్లాపల్లి మండలంలో తండాలు చాలా ఉన్నాయి. అక్కడ ఇలాంటి ప్రకటన రాయాలంటే ముందు ఏ గుర్తుని తండాలో ఏమని పిలుస్తారో అడిగి రాయాలి, వీలైతే లంబాడీలో కూడా ఒకసారి చెప్పాలి.

ఇక దారీ టైమూ మనం మార్చేవి కావు. ఊరేగింపు ఏ దారిన, ఏ టైములో పోవాలో పోలీసులు నిర్ణయిస్తారు. మన పేపర్లో తరచూ "30 యాక్ట్ అమల్లో ఉంది" అని వస్తుందే, అది 1861 నాటి పోలీస్ చట్టంలోని సెక్షన్ 30, దానికే. మైకుకి కూడా రాతపూర్వకంగా పర్మిషన్ కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకు పెట్టకూడదు, పండగలకి ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా పెట్టొచ్చు. అందుకని ఆసుపత్రి దగ్గర మావయ్య మైకు ఆపేసి, కాగితం తీసుకుని లోపలికి వెళ్ళి నర్సమ్మకి చేతికి ఇచ్చాడు. ఇది కూడా ప్రకటనలో భాగమే.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి. మంగళవారం పొద్దున బొడ్రాయి దగ్గర ఆటో ఆపి చదువుతుంటే ఒకామె గబగబా వచ్చింది. చేతికి పిండి కూడా కడుక్కోలేదు. "అన్నా, కరెంటు ఏడింటికి కచ్చితంగా వస్తదా? మా మామకి ఆక్సిజన్ మిషన్ ఉంది" అంది. ఆ మిషన్ సిలిండర్ కాదు, గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సన్‌ట్రేటర్. కరెంటు లేకపోతే ఆగిపోతుంది. మామూలు ఇంటి మిషన్ మూడు వందల వాట్లకి పైగా లాగుతుంది, అంటే నాలుగైదు ఫ్యాన్లు కలిపి తిప్పినట్టు. వాళ్ళ ఇన్వర్టర్ మీద అది గంటో రెండు గంటలో వస్తుందని ఆమె లెక్క. నాలుగు గంటలు రాదు.

ఏడింటికి కచ్చితంగా వస్తుందా? మావయ్య అబద్ధం చెప్పలేదు. "రాదమ్మా. కాగితంలో ఏడు అని ఉంది. ప్రభ ఊళ్ళోకి రావాలి, దాటాలి, తీగలు కట్టాలి. ప్రభ చేతిలో వాచీ లేదు" అన్నాడు. ట్రాక్టర్ నెమ్మదిగా లాగుతుంది, నాలుగు వైపులా మోకులు పట్టుకున్నవాళ్ళు ప్రభ ఒరగకుండా చూసుకుంటూ నడుస్తారు. గాలి ఎక్కువైతే ఆపుతారు, మలుపులో ఆపుతారు, ముందు ఊళ్ళో కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు ఎక్కువైతే ఆపుతారు. అందులో ఏ ఒక్కటీ టైం టేబుల్‌కి లొంగదు.

ఆ మాటతో కాగితం మళ్ళీ మారింది. కరెంటు పోయే టైము గడియారంతో చెప్పొచ్చు, ఎందుకంటే అది లైన్‌మన్ చేతిలో ఉంది. కరెంటు వచ్చే టైము గడియారంతో చెప్పకూడదు, అది ప్రభ చేతిలో ఉంది. దాన్ని ఒక సంఘటనతో చెప్పాలి. ప్రభ ఊరు దాటి, తీగలు కట్టాక. ఏడు అనేది అంతకన్నా ముందు రాదు అని చెప్పడానికే. "ఏడింటికి వస్తుంది" అని విన్నవాడు ఏడింటి దాకా ఓర్చుకునేలా ఏర్పాటు చేసుకుంటాడు. "ఏడు దాటొచ్చు, ఇంకా ఆలస్యం కావొచ్చు" అని విన్నవాడు ఆ ముసలాయన్ని పొద్దున్నే వేరే ఊరు పంపిస్తాడు.

లైన్‌మన్ కూడా వచ్చి ఒక మాట కలపమన్నాడు. కరెంటు పోగానే టెంట్ హౌస్ నుంచి తెచ్చిన జనరేటర్‌ని కొందరు నేరుగా ఇంటి వైరింగ్‌కి కలుపుతారు. మెయిన్ ఆపకుండా అలా చేస్తే ఆ కరెంటు ఇంట్లోంచి బయటి లైన్లోకి పోతుంది. సబ్‌స్టేషన్లో ఎల్‌సీ తీసుకుని, లైన్ చచ్చిపోయిందని నమ్మి తీగ పట్టుకున్న మనిషికి అటు నుంచి కరెంటు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి పోతే వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. వాళ్ళు దీనికోసమే లైన్‌కి ఎర్త్ వేసుకుని పని చేస్తారు, అయినా మైకులో చెప్పండి అన్నాడు.

చివరికి తయారైంది ఇది. ఆటో కదులుతున్నప్పుడు, పద్నాలుగు మాటలు:

"బుధవారం, శివరాత్రి రోజు. మధ్యాహ్నం మూడు నుంచి కరెంటు బంద్. రామాలయం బజారు బంద్. వివరాలు బొడ్రాయి దగ్గర."

ఆపి చెప్పేది:

"వినండి, వినండి. బుధవారం, శివరాత్రి రోజు, మన ఊళ్ళోకి ప్రభ వస్తుంది.

కరెంటు బంద్. మధ్యాహ్నం భోజనాల తర్వాత, మూడు గంటలకి బంద్. ప్రభ ఊరు దాటి, తీగలు కట్టాకే కరెంటు వస్తుంది. చీకటి పడ్డాక, రాత్రి ఏడు దాటొచ్చు, ఇంకా ఆలస్యం కావొచ్చు. నీళ్ళ మోటర్లు పొద్దున్నే వేసుకోండి. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉన్నవాళ్ళు ముందే బొడ్రాయి దగ్గర చెప్పండి.

రామాలయం బజారు బంద్. మధ్యాహ్నం రెండు గంటల నుంచి బంద్. పేట నుంచి వచ్చే బండ్లు పాల కేంద్రం దగ్గర తిరిగి, చెరువు కట్ట మీదుగా హైస్కూల్ దగ్గరికి రావాలి. ఆపొద్దు, చెరువు కట్ట మీద బండ్లు ఆపొద్దు. అంబులెన్స్‌కి అదే దారి.

ముట్టుకోవద్దు, కింద పడ్డ తీగ ముట్టుకోవద్దు. జనరేటర్ వేసేవాళ్ళు ముందు మెయిన్ ఆపండి. లైన్ మీద మనిషి ఉంటాడు.

గురువారం ప్రభ తిరిగి వస్తుంది. ఆ టైము మళ్ళీ చెప్తాం."

ఫోన్ నంబరు పెట్టలేదు. పది అంకెలు ఆటో వెంట పరిగెత్తి రాసుకునేవాళ్ళు లేరు. దానికి బదులు బొడ్రాయి దగ్గర కుర్చీ వేసి ఒక మనిషిని కూర్చోబెట్టారు. మైకు చెప్పగలదు గానీ వినలేదు. ఆమె లాగా అడగాల్సినవాళ్ళకి ఒక చెవి కావాలి. రెండు రోజుల్లో ఆ కుర్చీ దగ్గరికి వచ్చిన ప్రశ్నల్లో సగం, కాగితంలో ఉన్నవే మళ్ళీ ఖాయం చేసుకోవడానికి. తక్కిన సగం మాకు తట్టనివి. పాలు ఎప్పుడు పోయాలి, గేదెల్ని ఏ దారిన తోలుకురావాలి, కొండకి పోయే బస్సు ఎక్కడ ఆగుతుంది. పాల కేంద్రం ప్రశ్న మరీ ఎక్కువసార్లు రావడంతో మంగళవారం సాయంత్రం పెద్ద ప్రకటనలో ఒక వాక్యం చేర్చాం. బుధవారం పాలు మధ్యాహ్నం రెండు లోపే పోయండి అని. పాల కూలర్ కూడా కరెంటు మీదే నడుస్తుంది కదా.

బుధవారం మూడింటికి కరెంటు పోయింది. ప్రభ అయిదున్నర దాటాక ఊరి మొదట్లోకి వచ్చింది. రామాలయం మలుపులో అరగంట నిలబడింది. మావయ్య అప్పటికే రికార్డింగ్ ఆపేసి మైకు చేత్తో పట్టుకున్నాడు. "ప్రభ పాల కేంద్రం దాటింది." "ప్రభ రామాలయం దగ్గర ఉంది." "ప్రభ హైస్కూల్ దాటింది, తీగలు కడుతున్నారు." అంతకంటే ఏం చెప్పలేదు. అది విని ఎవరికి వారు ఇంకా ఎంతసేపో లెక్క కట్టుకున్నారు. కరెంటు వచ్చేసరికి తొమ్మిది దాటింది, అది కూడా ఊరంతా ఒకేసారి రాలేదు. పాల కేంద్రం వైపు ట్రాన్స్‌ఫార్మర్ ముందు, హైస్కూల్ వైపు తర్వాత. వచ్చే ఏడాది కాగితంలో ఏ బజారు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కిందకి వస్తుందో కూడా రాయాలని మావయ్య అనుకుంటున్నాడు.

ఆ ముసలాయన పొద్దున పదింటికే మిషన్‌తో సహా చిలకలూరిపేటలో కూతురింటికి వెళ్ళాడు. ప్రభ చూడలేకపోయానని ఆయనకి కోపమంట. గురువారం తిరుగు ప్రయాణం టైము మైకులో చెప్పాక, వాళ్ళ కోడలు మళ్ళీ బొడ్రాయి దగ్గరికి వచ్చి ఆయన్ని శుక్రవారం తీసుకురావచ్చా అని అడిగి వెళ్ళింది.